ఫోటోలో జుట్టుకి ఉంగరాలు తెచ్చినా నుదుటి అంచు చెడకుండా

ప్రశ్న: స్ట్రెయిట్ జుట్టున్న ఫోటోని ఫోటోషాప్‌లో కర్లీగా మారుస్తుంటే విగ్గు పెట్టినట్టు వస్తోంది. నుదుటి దగ్గర సహజంగా ఉండాలంటే ఏం చేయాలి?

జవాబు: ఉంగరాలు నుదుటి అంచు నుంచే మొదలుపెడుతున్నట్టున్నారు. విజయవాడలో పెళ్ళి ఆల్బమ్‌లు ఎడిట్ చేస్తుంటాను, మొదట్లో నేనూ ఇదే పొరపాటు చేశాను. గుంటూరు అమ్మాయి రిసెప్షన్ ఫోటో, నున్నగా స్ట్రెయిటెనింగ్ చేయించుకుని ఉంది, పాపిడిబిళ్ళ పెట్టుకుంది, ఆల్బమ్‌లో మాత్రం అలలుగా కావాలంది. వేరే ఫోటోలోని కర్ల్స్ తెచ్చి నుదుటి మీదికంటా అతికించాను. వాళ్ళమ్మగారు చూసి "మా అమ్మాయి నుదురు ఇంత చిన్నది కాదండీ" అన్నారు. నిజమే, అంచున ఉండే సన్నటి పిల్ల వెంట్రుకలు కర్ల్స్ కింద కప్పబడిపోయి, నుదురు గీత గీసినట్టు తెగిపోయింది.

మళ్ళీ మొదటి నుంచీ చేశాను. పాపిట తీసి దువ్వుకున్న జుట్టులో కుదుళ్ళ దగ్గర వెంట్రుక దాదాపు తిన్నగానే ఉంటుంది, కిందికి వచ్చేకొద్దీ వంపు పెరుగుతుంది. అందుకని Ctrl+J తో లేయర్ కాపీ చేసుకుని, Filter మెనూలో Liquify తెరిచి, ముందు Freeze Mask Tool తో నుదురు, పాపిట, చెవుల ముందు వెంట్రుకలు అన్నీ కప్పేశాను. కుదుళ్ళ నుంచి రెండు వేళ్ళ వెడల్పు వరకు పూర్తిగా కప్పి, దాని కింద బ్రష్ Pressure తగ్గించి పల్చగా పూశాను, సగం కప్పిన చోట జుట్టు సగమే కదులుతుంది కాబట్టి వంపు ఎక్కడ మొదలైందో కనబడదు. ఆ తర్వాత Forward Warp Tool, బ్రష్ ఒక పాయ కంటే కాస్త పెద్దది, కనుబొమ్మల ఎత్తులో చిన్నగా ఎడమకి, కింద కొంచెం ఎక్కువగా కుడికి, అలా చివరిదాకా నెట్టుకుంటూ పోవాలి. రెండు పక్కలా వంపులు ఒకే ఎత్తులో వస్తే అచ్చు వేసినట్టు ఉంటుంది, కావాలనే తేడా పెట్టండి. ఒకేసారి గట్టిగా లాగితే వెంట్రుకల గీతలు సాగి మసకబారతాయి, వెనక ఉన్న గోడ, లైట్లు కూడా వంకర తిరుగుతాయి, అందుకే జుట్టుని ముందే వేరే లేయర్‌లోకి కట్ చేసి పెట్టుకోవడం మంచిది.

ఎక్కువమంది వదిలేసేది మెరుపు. తిన్నని జుట్టు మీద మెరుపు తల చుట్టూ ఒకే పట్టీలా పడుతుంది, అలల జుట్టులో మాత్రం ప్రతి వంపు ఉబ్బు మీద విడివిడిగా పడుతుంది. వంపులు వచ్చాక కూడా ఆ పట్టీ అలాగే ఉంటే ఏదో తేడాగా ఉందని చూసేవాళ్ళకి తెలిసిపోతుంది. పైన 50% గ్రే నింపిన కొత్త లేయర్ పెట్టి, బ్లెండింగ్ Soft Light చేసి, పల్చటి తెల్ల బ్రష్‌తో ఉబ్బుల మీద, నల్లదానితో లోతుల్లో కొద్దికొద్దిగా పూయండి. పాత పట్టీ మీద కూడా ఆ నల్ల బ్రష్‌తోనే కొంచెం తగ్గించండి.

ఇది అలల జుట్టు వరకే పనిచేస్తుంది. బిగుతు ఉంగరాలు కావాలంటే అదే వైపు నుంచి వెలుగు పడిన వేరే ఫోటో నుంచి తెచ్చుకోవాల్సిందే, అప్పుడు కూడా వాటిని చెవి పైభాగం నుంచి కిందికే పెట్టి, పైన లేయర్ మాస్క్‌తో పల్చబరిచి, అసలు నుదుటి వెంట్రుకలు కనబడనివ్వండి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో అయితే వెంట్రుకలు ముద్దగా ఉంటాయి, అసలు ఫైల్ అడిగి తెప్పించుకోండి.