ఆ ఆరు లోగోల సంగతి

చిన్నీ,

గురువారం నీ మొదటి క్లయింట్‌కి లోగోలు చూపిస్తున్నావని అక్క చెప్పింది. ఎంత సంతోషం వేసిందో. ఆరు చేశావంట అనగానే మాత్రం గుండె గుబేలుమంది, అందుకే రాత్రి కూర్చుని ఇది రాస్తున్నా.

లోగోల పని వరకూ ఫాంట్ లైసెన్సులు చూసుకో, పేరు స్పెల్లింగ్ ఇంకొకరితో చదివించు. అంతే. నా భయమంతా ఎన్ని చూపిస్తావో, ఎలా చూపిస్తావో అనే.

నేను కొత్తలో పిల్లల పళ్ల డాక్టరమ్మ ఒకావిడకి లోగో చేశా. నాకు నచ్చినవి రెండే, కానీ బాగా కష్టపడ్డట్టు కనపడాలని ఇంకో ఐదు కలిపి, ఏడూ పీడీఎఫ్ చేసి రాత్రి మెయిల్ కొట్టా, "ఏది నచ్చిందో చెప్పండి" అని ఒక్క లైనుతో. ఆవిడ ఇంట్లోవాళ్లకీ స్టాఫ్‌కీ అందరికీ పంపారు. మూడ్రోజులకి జవాబొచ్చింది, రెండోదాంట్లో పన్ను బొమ్మ, ఐదోదాంట్లో అక్షరాలు, ఏడోదాని రంగు కలిపేయమని. గుండ్రటి బొమ్మ పక్కన సన్నటి కోణాల అక్షరాలు, అతుకులబొంతలా తయారైంది. ఎందుకు కుదరదో చెప్పలేకపోయా, ఎందుకంటే ఏది ఎందుకు చేశానో మొదట్నుంచీ చెప్పనేలేదు కదా. తొమ్మిదిసార్లు మార్చాక ఆవిడ విసిగిపోయి ఆరోది ఖాయం చేశారు, నేను లెక్కకి పెట్టినది. బోర్డెక్కాక ఆ సన్నగీతలు రోడ్డు అవతల్నుంచి కనపడలేదు. ఆవిడ తప్పేం లేదమ్మా, నచ్చిందా అని అడిగా, నచ్చినవి చెప్పారు.

రెండు చాలు, మహా అయితే మూడు, అదీ రంగు తేడాతో కాదు, ఆలోచన తేడాతో. వాళ్లు ఎంచుకుంటే నువ్వు ఏడ్చేది ఒక్కటీ పెట్టకు. పేరున్న అమెరికా లోగో డిజైనర్ పాల్ రాండ్ 1986లో స్టీవ్ జాబ్స్ పెట్టిన నెక్స్ట్ కంపెనీకి ఒక్కటే చూపించాడు, కానీ దాని వెనకాల ఆలోచన చెప్పే చిన్న పుస్తకం చేసిచ్చాడు. మనకి ఒక్కటితో వెళ్లే ధైర్యం అప్పుడే వద్దులే, ఆ వివరణ మాత్రం నేర్చుకో.

ముందే మెయిల్ చెయ్యకు, ఎదురుగానో వీడియో కాల్‌లోనో చూపించు. మొదట వాళ్లు చెప్పిన మాటే వాళ్లకి గుర్తుచెయ్యి, మా డాక్టరమ్మలాంటి వాళ్లయితే "పిల్లలకి భయం పోవాలన్నారు కదా" అని. తర్వాత లోగో నలుపు తెలుపులో చూపించు, ఆ తర్వాత ఫోన్ ఐకాన్ అంత చిన్నగా, బోర్డు మీద పెద్దగా. రంగు చివర్లో, ముందే పెడితే మాటంతా రంగు మీదకే పోతుంది. ఒక్కోదాంట్లో ఏం వస్తుందో, ఏం పోతుందో రెండూ చెప్పు. ఇది పిల్లలకి దగ్గరగా ఉంటుంది కానీ పెద్దవాళ్ల వైద్యం కూడా మొదలుపెడితే ఇరుకవుతుంది, ఇలా.

చూపించాక కాసేపు మాట్లాడకు. నీకు ఆ నిశ్శబ్దం భరించలేక "కావాలంటే మార్చేస్తా" అనేసే అలవాటుంది, చిన్నప్పట్నుంచీ అంతే, నాకు అదే భయం. నచ్చిందా అనకు, "మొదటిసారి వచ్చిన తల్లికి ఇది చూస్తే ఏమనిపిస్తుంది?" అని అడుగు. నీలం వద్దంటే వెంటనే ఆకుపచ్చ చెయ్యకు, చూస్తే ఏం గుర్తొస్తోందో అడుగు. ఆపరేషన్ థియేటర్ అన్నారనుకో, అప్పుడు నీకు పనికొచ్చే మాట దొరికినట్టే, బహుశా ఇంకాస్త వెచ్చటి నీలంతోనే సరిపోతుంది.

బుధవారం రాత్రి ఫోన్ చెయ్యి, ఎంత లేటైనా పర్లేదు. ఆ ఆరింట్లో ఏ నాలుగు తీసేశావో చెప్పు.

పిన్ని