పులసకు సుగంధమా, అత్తరుకు ఘుమఘుమలా?

సందేహం: రాజమండ్రి దగ్గర మా తమ్ముడికి భోజన హోటలుంది, మాకు అత్తర్లు, అగరుబత్తుల కొట్టుంది. రెండింటికీ తెలుగు రాత నాదే. మెనూలో "సుగంధభరితమైన పులస పులుసు" అని రాస్తే చదివినవాళ్ళు నవ్వుతున్నారు. అత్తరు చీటీ మీద "ఘుమఘుమలాడే మల్లె వాసన" అన్నా ఏదో తేడాగా ఉంది. ఇంగ్లీషులో ఎరోమా, ఫ్రేగ్రెన్స్, సెంట్, స్టెంచ్ అని దేనికది ఉంది కదా, మనకి ఏది ఎక్కడ వాడాలండీ?

సమాధానం: నవ్వినవాళ్ళ తప్పు లేదండి. సుగంధమంటే మంచి వాసనే, నిఘంటువు ప్రకారం మీ వాక్యానికి వంక పెట్టలేం. కానీ తెలుగులో "గంధం" అనగానే సానమీద అరగదీసిన చందనం గుర్తుకొస్తుంది. పెళ్ళిలో మెడకు రాసేది, దేవుడికి పెట్టేది అదే. సంస్కృతంలో ఏ వాసనకైనా చెల్లే మాట మన దగ్గరికొచ్చి ఒక వస్తువు పేరయి కూర్చుంది. అందుకని సుగంధభరితమైన పులస అనేసరికి చేపకు గంధం పూసినట్టు తోస్తుంది. తిండి దగ్గర ఈ మాట "సుగంధ ద్రవ్యాలు" అన్న జంటలోనే ఇముడుతుంది. యాలకులు, లవంగాలు, దాల్చినచెక్క వరకూ దాని హద్దు. వాటిని వేసి వండిన కూర మాత్రం సుగంధం కాదు.

మీరు చెప్పిన నాలుగు ఇంగ్లీషు మాటలకీ నాలుగు తెలుగు మాటలు ఎదురెదురుగా నిలబెట్టడం కుదరదు. "సెంట్" సంగతే చూడండి, మన నోట్లో పడి "సెంటు" అయ్యాక అది వాసన పేరు కాకుండా పోయింది, సీసాలో ఉండే సరుకయింది. "సెంటు కొట్టుకున్నాడు" అంటాం. (కోనసీమలో సెంటు అంటే ముందు భూమే గుర్తుకొస్తుంది, అది వేరే సంగతి.) వాసన ఎక్కణ్ణించి పుట్టిందన్నది తెలుగు మొదట చూస్తుంది. పొయ్యిమీంచి వచ్చిందా, పువ్వులోంచి వచ్చిందా, పచ్చి మాంసంలోంచా, కుళ్ళులోంచా అన్నదాన్నిబట్టి మాట మారుతుంది. ఆ తర్వాత దాని పక్కన చేరే క్రియ మంచిచెడ్డలు తేలుస్తుంది.

"వాసన" అన్న మాటకి సొంతంగా మంచీ లేదు, చెడూ లేదు. కానీ విశేషణమేమీ లేకుండా "కూర వాసన వస్తోంది" అంటే ఇంటావిడ గిన్నె మూత తీసి చూస్తుంది, పాడయిందేమోనని. "కమ్మటి వాసన వస్తోంది" అంటే అదే గిన్నె చుట్టూ పిల్లలు చేరతారు. "వాసన వేస్తోంది" అంటే అనుమానం ఇంకాస్త ముదిరింది. "వాసన కొడుతోంది" అంటే ఇక పారబోయడమే. కాబట్టి అమ్మే సరుకు మీద ఒంటరిగా "వాసన" రాయకూడదు, ముందు ఒక మంచి విశేషణం ఉండి తీరాలి. మీ అత్తరు చీటీలో "మల్లె వాసన" తేలిపోయింది కూడా ముందున్న విశేషణం దానికి నప్పకే.

ఇప్పుడు పులుసు కుండ దగ్గరికి వద్దాం. ఒక్క వంటలోనే వాసన పేరు ఎన్నిసార్లు మారుతుందో అక్కడ తెలుస్తుంది. కడగని చేపది నీచు వాసన. "నీచు" డెల్టాలో వాసన పేరే కాదు, ఆ తిండి పేరు కూడా. కార్తీక మాసంలో "మేం నీచు ముట్టం" అంటారు. అమరకోశం ఈ పచ్చి మాంసపు వాసనను "విస్రం" అని విడిగా లెక్కపెట్టింది, దుర్గంధంలో కలపలేదు. మన వంటవాళ్ళదీ అదే లెక్క. నీచు వాసన ఉన్న చేప పాడైన చేప కాదు, ఇంకా వండని చేప. పాడైతే దాన్ని నీచు అనరు, కంపు అంటారు. చేపలో ఈ వాసనకు కారణమైన పదార్థాలు క్షార గుణమున్నవి. చింతపండు పులుపు తగిలితే అవి లవణాలుగా మారి గాలిలోకి లేవలేవు. నిమ్మరసంతో చేప కడగడంలోనూ, పులుసు పెట్టడంలోనూ కిటుకు ఇదే.

తర్వాత కుండలో ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి ముద్ద పడతాయి. అప్పటిది పచ్చివాసన. ఇది నిందకాదు, వంటింటి గడియారం. "పచ్చివాసన పోయేదాకా వేయించండి" అంటే ఎన్ని నిమిషాలన్నది మంటనీ ముద్దనీ బట్టి మారుతుంది కానీ ముక్కుకి మాత్రం తెలిసిపోతుంది. నీచుకీ పచ్చివాసనకీ తేడా చూడండి. మొదటిది పులుపుతో అణుగుతుంది, రెండోది వేడితో పోతుంది. ఇంగ్లీషు వంటల పుస్తకాల్ని తెలుగు చేసేవాళ్ళు రెంటినీ కలిపి "పచ్చి వాసన" అనేస్తుంటారు, అది చదివి చేపని తెగ వేయించినవాళ్ళ ముక్కలు విరిగి ముద్దవుతాయి. ఇక మంట ఎక్కువై అడుగంటితే మాడు వాసన. వెంట్రుకో, నూనెగుడ్డో కాలితే వచ్చేది కమురు వాసన. కూర మాడుతుంది కానీ కమరదు.

పులుసు ఉడికి, నూనె పైకి తేలి, ఆవిరితోబాటు వీధిలోకి పోయే వాసనకి పేరు ఘుమఘుమ. తమాషా ఏమిటంటే ఇది రూపానికి ధ్వన్యనుకరణ లాంటి మాట, అయినా చెవికి వినబడేదేమీ లేదు. గలగల, గణగణల అచ్చులోనే పోత పోసి ముక్కుకి అప్పగించాం. దీనికి వేడి కావాలి, ఆవిరి కావాలి, ఎంతో కొంత మసాలా కావాలి. పోపు, బిరియానీ, పులుసు, అప్పుడే దించిన సాంబారు ఘుమఘుమలాడతాయి. చల్లారిన పెరుగన్నం ఘుమఘుమలాడదు. ఆవకాయ జాడీ మూత తీస్తే వచ్చేదాన్ని ఘాటు అనాలి, ఎందుకంటే అక్కడ ఆవపిండి ముక్కుని ముందు పొడుస్తుంది. అత్తరుకి ఘుమఘుమ తగలకపోవడానికి కారణం కూడా ఇదే. మల్లె దండ పొయ్యిమీద ఉడకదు కదా.

మెనూలో పూతరేకులు కూడా ఉంటే వాటికి ఘుమఘుమ వద్దు, పరిమళం అసలే వద్దు. పల్చటి బియ్యపు రేకు మధ్య నెయ్యీ, బెల్లమో పంచదారో పడ్డ ఆ పొరకి తగిన మాట "కమ్మటి నేతి వాసన". కమ్మదనం ఈనాడు నాలుకకీ ముక్కుకీ ఉమ్మడి మాట. నెయ్యి, వెన్న, ముద్దపప్పు, కాచిన పాలు దానికి సొంతం. పాత పద్యాల్లో కమ్మతావి, కమ్మతెమ్మెర అని పూలకీ గాలికీ వాడారు. ఇవాళ "కమ్మటి అత్తరు" అంటే మాత్రం తాగేదేమో అనిపిస్తుంది.

అత్తరుకి పరిమళం సరిపోతుంది. ఈ మాటకి అమరకోశం ఇచ్చిన అర్థం చాలా పనికొస్తుంది: ఒరిపిడి వల్ల పుట్టి జనుల మనసు దోచే గంధం పరిమళం. దూరానికి వ్యాపించేదానికి ఆమోదమని వేరే పేరు పెట్టింది. తెలుగులో ఆమోదం అంగీకారమైపోయింది కాబట్టి దాని జోలికి పోవద్దు. దూరంనుంచి వచ్చి కమ్మేసేదానికి మనకి గుబాళింపు ఉంది. మల్లె, సంపెంగ, మొగలి గుబాళిస్తాయి. అగరుబత్తి గుబాళిస్తుంది. మసాలా బాగా దట్టించిన వంటకూ ఈ మాట చెల్లుతుంది, కనుక రెండు కొట్లకీ పనికొచ్చే మాట మీకిది ఒక్కటే. "గుప్పుమంది" వాడేటప్పుడు జాగ్రత్త. అది మంచిదో చెడ్డదో చెప్పదు, ఒక్కసారిగా వచ్చిందని మాత్రమే చెబుతుంది. మల్లెలూ గుప్పుమంటాయి, సారా కూడా గుప్పుమంటుంది.

సౌరభం, తావి, నెత్తావి పద్యానివి. అగరుబత్తి పెట్టెకి పేరుగా "సౌరభం" బాగుంటుంది, లోపలి వాక్యంలో బరువవుతుంది. వలపుకి కూడా పూర్వం సువాసన అనే అర్థం ఉండేది, ఇప్పుడు ప్రేమ ఒక్కటే మిగిలింది.

ఇక చెడ్డ మాటలు. అమ్మే చీటీ మీద వీటితో పనిలేదనుకుంటారు కానీ, అసలు పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. "నీచు వాసన రాని పులుసు", "చెమట కంపు పోగొట్టే సెంటు" అని రాస్తే, లేదన్న వాసనే చదివేవాడి ముక్కుకి ముందు తగులుతుంది. దుర్వాసన వైద్యుడి మాట, నోటి దుర్వాసన అన్నట్టు. దుర్గంధం పత్రికల మాట, మురుగు కాలవకీ చెత్తకుప్పకీ. కంపు ఇంటి మాట, అందులో మాట్లాడేవాడి తీర్పు ఉంది. ఎండు చేపలు ఇష్టంగా తినేవాళ్ళు "ఎండు చేపల వాసన" అంటారు, పడనివాళ్ళు అదే గాలిని "కంపు" అంటారు. పక్కనున్న కన్నడంలో ఇదే కంపు నేటికీ పూల సువాసన, మన పాత కావ్యభాషలోనూ దానికి మంచి అర్థం ఉండేది. మల్లెది కూడా ఇలాంటి కథే. మల్లెలో ఇండోల్ అనే పదార్థం కొద్దిగా ఉంటుంది. పల్చగా ఉంటే అది పూల వాసనలో కలిసిపోతుంది, చిక్కబడితే మలం కంపును తలపిస్తుంది.

ఇప్పుడు మీ రెండు వాక్యాలూ దిద్దుదాం. మెనూకి ఇలా రాయవచ్చు: "మట్టి కుండలో చింతపండు పులుపుతో, బెండకాయలు వేసి, సన్నని సెగమీద పెట్టిన ఘుమఘుమలాడే పులస పులుసు." ఇందులో వాసనని చెప్పే మాట ఒక్కటే ఉంది. మిగతా పని కుండా, పులుపూ, సెగా చేస్తాయి. పులస పులుసు మర్నాటికి ఇంకా రుచి అంటారు కాబట్టి కొందరికి ముందురోజుదే వడ్డిస్తారు. దానికైతే ఘుమఘుమ తీసేసి "ఒక రాత్రి ఊరిన పులుసు" అనండి. చల్లారినదానికి ఘుమఘుమ అబద్ధమవుతుంది.

అత్తరుకి ఒక్క విశేషణం చాలదు, ఎందుకంటే దాని వాసన ఒక్కటిగా ఉండదు. తేలిక పదార్థాలు ముందు ఆవిరవుతాయి, చందనం లాంటి బరువైనవి గంటల తరబడి చర్మాన్ని పట్టుకుని ఉంటాయి. మీ సీసాలో మల్లే, చందనమూ ఉంటే ఆ వరసలోనే రాయండి: "రాసుకోగానే మల్లెలు గుబాళిస్తాయి. కాసేపటికి అవి నెమ్మదిస్తాయి. గంధపు పరిమళం మణికట్టు మీద సాయంత్రం దాకా నిలుస్తుంది." ఇక్కడ గంధం అన్న మాట మీకు తోడొస్తుంది, పులుసు దగ్గర అడ్డొచ్చినట్టు కాకుండా. "సాయంత్రం దాకా" అన్నది మాత్రం మీరు పొద్దున రాసుకుని చూసి, నిజమైతేనే ఉంచండి.