పెళ్లిళ్ల ఫొటోల ఆదాయంతో నెలనెలా అద్దె, స్కూల్ ఫీజు కట్టేదెలా?

ప్రశ్న: నల్గొండలో ఉంటాం. జీతం ఇంటి ఖర్చులకే సరిపోతుంది. పెళ్లి ఫొటోల మీద వచ్చే డబ్బు ఒక నెల ఉంటే ఒక నెల ఉండదు. అద్దె, ఫీజు ఆగకుండా ఎట్లా?

ఫొటోల డబ్బంతా వేరే సేవింగ్స్ ఖాతాలో వేసి, అందులోంచి ప్రతి నెలా ఒకటో తారీఖున ఒకే మొత్తం తీసుకోండి. బిల్లులకు నెల లెక్క, పెళ్లిళ్లకు ముహూర్తాల లెక్క. ఆషాఢంలో కెమెరా బ్యాగు తీసే పనే ఉండదు. ఆ తేడాను ఖాతాలో మిగిలిన డబ్బే మోయాలి.

అద్దె 6,000, ఏడాది ఫీజు 36,000 అనుకుందాం. ఫీజుకు నెలకు 3,000 పక్కన పెట్టాలి కాబట్టి తీసేది 9,000. మార్చిలో 15,000, ఏప్రిల్‌లో 18,000, మేలో 20,000 వస్తే, మూడు నెలలూ 9,000 తీశాక 26,000 మిగులుతుంది. జూన్‌లో 4,000, జులైలో 2,000 మాత్రమే వచ్చినా అదే 9,000 తీయొచ్చు; ఇంకా 14,000 ఉంటుంది.

చాలామంది ఏడాది సగటు చూసి, అది బిల్లులకు సరిపోతే చాలనుకుంటారు. సగటు ఎంత బాగున్నా, ఇదే పద్ధతి ఖాళీ ఖాతాతో జూన్‌లో మొదలుపెడితే రెండు నెలల్లో 12,000 తక్కువ పడుతుంది. అందుకే సీజన్‌లోనే మొదలుపెట్టండి. ఈ మిగులును చిట్టీలో మాత్రం వేయొద్దు. అవసరమైన నెలలో పాట మనకే రావాలని లేదు, వచ్చినా కొంత వదులుకోవాలి.