రిజిస్ట్రేషన్ ఫీజు అడిగిన ఆ స్క్రీన్‌షాట్ గురించి

హనుమకొండ

బిడ్డా,

నిన్న రాత్రి నీవు పంపిన, ఒక కంపెనీ పేరుతో ఉద్యోగం ఇస్తామని చెప్పి రిజిస్ట్రేషన్ ఫీజు అడిగిన చాట్ స్క్రీన్‌షాట్ చూశాను. దాని కింద "పెద్దబాపూ, ఇది ఓకేనా?" అన్న ఒక్క మాట తప్ప నీవు ఇంకేమీ రాయలేదు. కాదు బిడ్డా, ఇది మోసం. ఆ 1,850 రూపాయలు కట్టవద్దు. ఒకవేళ ఇప్పటికే కట్టి ఉంటే ఈ ఉత్తరాన్ని ఇక్కడే ఆపి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

ఈ మాట మొదటే ఎందుకు రాస్తున్నానంటే, నేను బ్యాంకు కౌంటర్‌లో కూర్చున్న రోజుల్లో ఫోన్ చూపించి "ఇది సరైనదేనా సార్" అని అడిగినవారిలో చాలామంది అప్పటికే డబ్బు పంపి ఉన్నవారే. పంపేశామని చెప్పడానికి నోరు రాక, పంపవచ్చా అని అడిగేవారు.

నీ స్క్రీన్‌షాట్‌లో నేను ముందుగా చూసింది కంపెనీ లోగోను కాదు, కింద ఉన్న యూపీఐ ఐడీని. ప్రొఫైల్‌లో లోగో ఎవరైనా పెట్టుకోవచ్చు, ఆఫర్ లెటర్ మీద ముద్ర కూడా ఎవరైనా వేసుకోవచ్చు. కానీ యూపీఐ ఐడీని పేమెంట్ యాప్‌లో కొట్టినప్పుడు, పిన్ నొక్కకముందే, బ్యాంకులో నమోదైన ఖాతాదారు పేరు తెర మీద కనిపిస్తుంది. నేను ఆ ఐడీని కొట్టి చూశాను. కంపెనీ పేరు రాలేదు, ఎవరో ఒక వ్యక్తి పేరు వచ్చింది. అంత పెద్ద కంపెనీ తనకు రావలసిన డబ్బును ఒక మనిషి సొంత ఖాతాలో ఎందుకు వేయించుకుంటుంది? అయితే రేపు ఇంకొకరు ఇదే విధంగా అడిగినప్పుడు కంపెనీ పేరే కనిపించినా దానిని నమ్మవద్దు, ఎందుకంటే దుకాణాల పేరున తెరిచిన ఖాతాలను కూడా ఈ మోసగాళ్లు అద్దెకు తీసుకుంటారు.

ఇంటర్వ్యూ లేకుండానే నెలకు 22,000 జీతం, సాయంత్రం 5 గంటలలోపు కట్టకపోతే ఉద్యోగం వేరేవారికి పోతుందన్న తొందర, మొదటి జీతంతో పాటు ఫీజు తిరిగి ఇస్తామన్న హామీ, ఇవన్నీ ఆ 1,850 చిన్న మొత్తమే కదా అని నీకు అనిపించడానికి రాసినవి. వారికి కావలసింది ఆ చిన్న మొత్తం కాదు, ఎవరు కడతారో తెలుసుకోవడం. పరకాల వైపు నుంచి ఒక రైతు తన కొడుకును వెంటబెట్టుకుని మా బ్రాంచికి వచ్చాడు. ఆ పిల్లవాడు మొదట 1,500 రిజిస్ట్రేషన్‌కు కట్టాడు, రెండు రోజులకు లాప్‌టాప్ డిపాజిట్ అంటే 6,000 కట్టాడు, ఆ తర్వాత జీతం ఖాతా తెరవడానికి అంటే 12,500 కట్టాడు. మూడోసారి ఎందుకు కట్టావని అడిగితే, "కట్టకపోతే ముందు కట్టిన 7,500 పోతాయన్నారు సార్" అన్నాడు. మొత్తం 20,000. వారు మా దగ్గరకు వచ్చేసరికి నాలుగు రోజులు గడిచాయి, ఆ డబ్బు వెళ్లిన ఖాతా ఖాళీ అయిపోయింది.

నీవు గ్రూప్స్‌కు కట్టిన ఫీజు సంగతి వేరు. అది పరీక్ష రాయడానికి దరఖాస్తు రుసుము, ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే కట్టావు, దానికి బదులుగా ఉద్యోగం ఇస్తామని ఎవరూ మాట ఇవ్వలేదు. ఈ కంపెనీలో నిజంగా ఖాళీలు ఉన్నాయేమో తెలుసుకోవాలంటే, చాట్‌లో ఇచ్చిన నంబరుకు కాకుండా, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడుగు.

డబ్బు పంపి ఉంటే సమయమే ముఖ్యం. 1930కి చెప్పిన వెంటనే ఆ సమాచారం డబ్బు చేరిన బ్యాంకుకు వెళ్తుంది, అప్పటికి ఖాతాలో మిగిలి ఉన్నంత వరకు ఆపగలుగుతారు. బయటికి వెళ్లిపోయినదాన్ని వెనక్కి తేవడం చాలా కష్టం. పేమెంట్ రసీదులో ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరును దగ్గర పెట్టుకో, వారు ముందుగా అదే అడుగుతారు. cybercrime.gov.in లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. చాట్‌ను మాత్రం తుడిచివేయవద్దు. ఫిర్యాదు చేశాక "మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, కొంత ఫీజు కట్టండి" అని ఫోన్ వస్తే, అది కూడా ఈ మోసంలోని భాగమే.

నీవు పంపిన స్క్రీన్‌షాట్ పైభాగం కత్తిరించి ఉంది. డబ్బు కట్టావా లేదా, ఆధార్, పాన్, పాస్‌బుక్ ఫొటోల్లో ఏవి పంపావు, వారు ఇచ్చిన యాప్ ఏదైనా ఫోన్‌లో వేసుకున్నావా, ఈ మూడూ నాకు రాయి, చాట్ మొత్తం మొదటి నుంచి పంపు. యాప్ వేసుకుని ఉంటే దాన్ని తీసేసే వరకు ఆ ఫోన్‌లో పేమెంట్ యాప్ తెరవవద్దు. ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, నేను నిన్ను ఒక్క మాట కూడా అనను.

నీ పెద్దబాపు