డిపాజిట్ మీద ఎదురు వడ్డీ కట్టాలా?

ప్రశ్న: సార్, కొన్ని దేశాల్లో వడ్డీ రేటు సున్నా కంటే కిందికి పోయిందని చదివాను. అంటే బ్యాంకులో డబ్బు దాచుకున్నందుకు మనమే వడ్డీ కట్టాలా? రిటైరయ్యాక డిపాజిట్ల మీదే బతకాలనుకుంటున్నాను, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ మైనస్ రేటు నేరుగా మీ ఖాతాకు తగలదండీ. బ్యాంకులు తమ దగ్గర మిగిలిన డబ్బును మన రిజర్వ్ బ్యాంకు లాంటి సెంట్రల్ బ్యాంకులో ఉంచుతాయి కదా, కోత పడేది దాని మీద, అదీ చాలా చోట్ల మొత్తం మీద కాదు.

స్విట్జర్లాండ్ సంగతే చూడండి. కష్టకాలం వస్తే చాలు, ప్రపంచంలో డబ్బున్నవాళ్లంతా భద్రం అనుకుని స్విస్ ఫ్రాంకులు కొంటారు, దాంతో ఫ్రాంకు విలువ పెరిగిపోయి అక్కడి సరుకు బయటివాళ్లకు ఖరీదవుతుంది, దిగుమతులు చవకై దేశంలో ధరలు పడిపోతాయి. అందుకే 2015 జనవరిలో అక్కడి సెంట్రల్ బ్యాంకు రేటును మైనస్ 0.75 శాతానికి దించింది. ఫ్రాంకులు దాచుకుంటే నష్టమే అని చెప్పడమన్నమాట. 2014లో యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు సున్నా దాటి దిగడానికి కారణం వేరు, అప్పట్లో అక్కడ ధరలు మరీ నెమ్మదిగా పెరుగుతుండేవి, బ్యాంకులు డబ్బును ఊరికే ఉంచకుండా అప్పులిస్తాయని దాని ఆశ.

లెక్క ఇలా ఉంటుంది. ఒక బ్యాంకు 10 కోట్ల ఫ్రాంకులు సెంట్రల్ బ్యాంకులో ఉంచింది, అందులో 6 కోట్లకు మినహాయింపు ఉందనుకుందాం. మిగతా 4 కోట్ల మీద 0.75 శాతం, అంటే ఏడాదికి 3 లక్షల ఫ్రాంకులు పోతాయి. ఈ భారాన్ని పెద్ద కంపెనీల ఖాతాల మీద, భారీ నిల్వల మీద వేసిన బ్యాంకులున్నాయి కానీ మామూలు ఖాతాదారుల జోలికి రావడానికి చాలా బ్యాంకులు జంకాయి. వేస్తే జనం నోట్లు తీసుకెళ్లి ఇంట్లో పెట్టుకుంటారు, నోటుకు మైనస్ వడ్డీ ఉండదు! లాకరు, బీమా ఖర్చులు ఉంటాయి కాబట్టే రేటు కాస్త కిందికి దిగగలిగింది, మరీ దించితే ఆ ఖర్చు కూడా గిట్టుబాటవుతుంది. ఖాతాదారుల దగ్గర వసూలు చేయలేక, సెంట్రల్ బ్యాంకుకు కట్టక తప్పక, నలిగింది బ్యాంకుల లాభాలే.

మీరు చూసుకోవాల్సింది వడ్డీకీ ధరలకూ ఉన్న తేడా. 2015లో స్విట్జర్లాండ్‌లో ధరలు సగటున 1.1 శాతం తగ్గాయి, అంటే వడ్డీ సున్నా వచ్చినా ఆ డబ్బుకు అంతకుముందు కంటే కొంచెం ఎక్కువే కొనుక్కోగలిగారు. అదే 6 శాతం వడ్డీ వస్తూ ధరలు 7 శాతం పెరిగితే, పాస్‌బుక్‌లో అంకె పెరుగుతున్నా మీరు నష్టపోతున్నట్టే, నా దృష్టిలో రిటైరయ్యేవాళ్లు భయపడాల్సింది దీనికే. ఇక రేట్లు పడిపోతాయన్న బెంగ ఉంటే డిపాజిట్లన్నీ ఒకే ఏడాది తీరేలా వేయకండి, ఒకటి రెండేళ్లకు, ఒకటి మూడేళ్లకు, ఒకటి ఐదేళ్లకు వేస్తే రేటు దిగిన ఏడాది మీ డబ్బులో కొంత భాగమే ఆ తక్కువ వడ్డీకి మారుతుంది.