బాత్రూమ్ ఫిల్టర్లా, ఇంటికంతటికీ సాఫ్ట్‌నరా?

ప్రశ్న: హైదరాబాద్ శివారులో సొంత ఇల్లు, నలుగురం ఉంటాం. బోరు నీటి కాఠిన్యం లీటరుకు 800 మిల్లీగ్రాములని పరీక్షలో తేలింది. ఇంటికంతటికీ సాఫ్ట్‌నర్‌కు 65 వేలు అడుగుతున్నారు. మూడు బాత్రూములకు ఫిల్టర్లయితే ఒక్కొక్కటి 2,500, మూడు నెలలకోసారి మార్చే కాట్రిడ్జ్ 900. ఏది మేలు?

జవాబు: తాగునీటికి ప్రత్యామ్నాయం లేనప్పుడు భారత ప్రమాణాలు అనుమతించే గరిష్ఠ కాఠిన్యమే 600 మిల్లీగ్రాములు కాబట్టి, మీ నీరు చిన్న ఫిల్టర్లకు లొంగేది కాదు. కాఠిన్యాన్ని తీసేది రెజిన్ అనే పూసల పదార్థం. లీటరు రెజిన్ సుమారు 50 గ్రాముల కాఠిన్యాన్ని పట్టుకోగలదు. కుళాయి ఫిల్టర్‌లో రెజిన్ పావు లీటరు ఉందనుకున్నా పన్నెండు గ్రాములకు మించి పట్టదు. మీ నీటిలో లీటరుకు 0.8 గ్రాము ఉంది గనుక పదిహేను లీటర్లకే, అంటే ఒక్క బకెట్‌కే, దాని పని అయిపోతుంది. చాలా ఫిల్టర్లలో అదీ ఉండదు, క్లోరిన్‌ను తీసే కార్బన్ మాత్రమే ఉంటుంది. మీ బోరు నీటిలో క్లోరిన్ ఎక్కడిది? పైగా కుళాయి దగ్గర బిగించినది గీజర్‌ను కాపాడదు. వీటికి అయిదేళ్లలో మీరు పెట్టేది దాదాపు 59 వేలు.

అలాగని 65 వేల యంత్రాన్నీ వెంటనే కొనమనను. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన మీ వాడకం 540 లీటర్లు, అందులోని కాఠిన్యం 430 గ్రాములు. రెజిన్‌ను కడిగి మళ్లీ పనికి సిద్ధం చేయడానికి గ్రాము కాఠిన్యానికి సుమారు రెండున్నర గ్రాముల ఉప్పు కావాలి గనుక, నెలకు 32 కిలోలు, కిలో 15 రూపాయలనుకుంటే దాదాపు 480 రూపాయలు అవుతుంది. మొక్కలకు, ఫ్లష్‌కు వెళ్లే నీటిని మెత్తబరచడం దండగ. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి స్నానాలకు, గీజర్లకు, వాషింగ్ మెషీన్‌కు వేరే పైపు దిగుతుంటే ఆ ఒక్క లైనుకే సాఫ్ట్‌నర్ పెట్టించండి. వాడకం సగమైతే ఉప్పూ సగమవుతుంది. 15 లీటర్ల రెజిన్ ఉన్న చిన్న యంత్రం మూడు రోజులకోసారి కడిగితే సరిపోతుంది. ఈ లెక్కతో మళ్లీ ధర అడగండి. నా అంచనాలో 40 వేలు దాటితే బేరం కుదరనట్టే.

ధరలో మూడు విషయాలు కలిశాయో లేదో చూడండి. ట్యాంకు ఎత్తు తక్కువైతే యంత్రానికి ప్రెషర్ పంపు కావాలి. బకెట్ అడుగున ఎర్రటి మరక పడుతుంటే నీటిలో ఇనుము ఉన్నట్టే. ముందు ఐరన్ ఫిల్టర్ లేకపోతే రెజిన్ త్వరగా పాడవుతుంది. కడిగిన ఉప్పునీటిని మొక్కల పాదుల్లోకి పోనివ్వకుండా డ్రైనేజీకి కలపాలి.

డబ్బు అత్యవసర నిధి నుంచి తీయకండి, వాయిదాలకూ కొనకండి. నెలకు ఏడెనిమిది వేలు పక్కన పెడితే ఆరు నెలల్లో సమకూరుతుంది. అయిదారేళ్లకు రెజిన్ మార్చాల్సి రావచ్చని నెలకు 150 రూపాయలు విడిగా ఉంచండి. అమ్మేవారు నీటిలో కరిగిన మొత్తం లవణాలను చూపే టీడీఎస్ మీటరు చూపిస్తే నమ్మకండి, సాఫ్ట్‌నర్ టీడీఎస్‌ను తగ్గించదు. చుక్కల కాఠిన్య పరీక్ష కిట్ కొని, కడగడానికి ముందు రోజు కుళాయి నీటిని చూడండి. 100 లోపు వచ్చాకే చివరి పాతిక శాతం చెల్లిస్తానని ముందే రాయించుకోండి.