జ్ఞానదంతం చూసి 18 నిండాయని చెప్పగలరా?

ప్రశ్న: డాక్టరు గారూ, 2025 సంక్రాంతికి మా ఊళ్ళో జరిగిన కొట్లాట కేసులో నా మేనల్లుడి పేరు కూడా రాశారు. ఆధార్‌లో పుట్టిన తేదీ 01-01-2006 అని ఉంది, అందుకని మేజర్ అంటున్నారు. ఆ తేదీ ఆధార్ తీసినాయన అంచనాగా వేసింది. హుద్‌హుద్ తుఫానుకి వాడు రెండో తరగతి. పుట్టింది ఇంట్లోనే, బర్త్ సర్టిఫికెట్ లేదు. బడి రికార్డు తిత్లీ తుఫానుకి తడిసి పోయిందన్నారు. సెప్టెంబరులో పళ్ళ ఎక్స్‌రే తీయించి, ‘జ్ఞానదంతం వచ్చింది, వయసు 18 నుంచి 19’ అని రాసిచ్చారు. రిపోర్టు మీకు పంపుతున్నాను. పన్ను చూసి అంత కచ్చితంగా చెప్పగలరా? ఎంత తేడా రావచ్చు? మా అక్క చాలా టెన్షన్ పడుతోంది.
– ఒక పాఠకుడు, టెక్కలి దగ్గర

జవాబు: అంత కచ్చితంగా చెప్పలేరండీ. ‘18 నుంచి 19’ అని ఒక్క ఏడాదిలో బిగించి చెప్పే శక్తి ఏ పంటికీ లేదు. మీరు పంపిన రిపోర్టులో ఉన్న వివరాలను బట్టి చూస్తే, ఈ అబ్బాయి 18కి ఏ పక్కన ఉన్నాడో పన్ను తేల్చలేదు అని రాయడమే సరైన మాట. ఎందుకో వివరంగా చెబుతాను. మీ వకీలు గారికి కూడా ఇది చూపించండి.

ముందుగా ‘జ్ఞానదంతం వచ్చింది’ అన్న మాటను పక్కన పెట్టేయండి. పన్ను చిగురు చీల్చుకుని బయటికి రావడం వేరు, ఎముక లోపల దాని వేరు పెరిగి పూర్తి కావడం వేరు. బయటికి రావడమనేది దవడలో చోటు ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. చోటుంటే పదహారేళ్ళకే కనిపిస్తుంది. లేకపోతే ముప్ఫై ఏళ్ళు వచ్చినా అడ్డంగా పడుకుని లోపలే ఉండిపోతుంది. నోరు తెరిపించి టార్చి వేసి చూసి 18 నిండాయనడానికి ఆధారం లేదు. వయసు కోసం చూడాల్సింది ఎక్స్‌రేలో కనిపించే వేరునే. 16 నుంచి 20 మధ్య మన నోట్లో ఇంకా పెరుగుతూ ఉండే పళ్ళు ఈ జ్ఞానదంతాలే. మిగతావన్నీ దాదాపుగా అప్పటికే పూర్తయిపోతాయి. 18 విషయంలో అందరూ వీటి మీద పడేది అందుకే.

పన్ను పెరుగుదలను ఎ నుంచి హెచ్ వరకు ఎనిమిది దశలుగా చూస్తారు. దెమిర్జియాన్, ఆయనతో పనిచేసినవాళ్ళు 1973లో ఇచ్చిన పద్ధతి ఇది. మొదటి నాలుగు దశల్లో పంటి పైభాగం తయారవుతుంది. తర్వాత వేరు కిందికి దిగుతుంది. ఎఫ్ దశలో వేరు చివర గరాటులా విచ్చుకుని ఉంటుంది. జీ దశలో వేరు గోడలు సమాంతరంగా వచ్చేస్తాయి, కానీ కొన ఇంకా తెరిచే ఉంటుంది. హెచ్ దశలో కొన మూసుకుపోయి, వేరు చుట్టూ సన్నని నల్లగీత ఒకే మందంతో కనిపిస్తుంది. మీ రిపోర్టులో కింది రెండు పళ్ళకీ జీ అని, పై కుడి పంటికి హెచ్ అని ఉంది. పై ఎడమ పన్ను సరిగ్గా కనబడలేదని రాశారు. ఇందులో నేను ఎక్కువ నమ్మేది కింది పళ్ళనే. ఓపీజీలో, అంటే రెండు దవడలూ ఒకే బొమ్మలో పడే ఎక్స్‌రేలో, పై జ్ఞానదంతాల వేర్ల మీద సైనస్ నీడ, చుట్టుపక్కల ఎముకల నీడ పడతాయి. దాంతో తెరిచి ఉన్న కొన కూడా మూసుకున్నట్టు అనిపించవచ్చు.

ఇక ఆ జీ దశకు అర్థం ఏమిటో చూద్దాం. 1993లో అమెరికాలో మిన్సర్ బృందం 14 నుంచి 24 ఏళ్ళ మధ్య ఉన్న 823 మంది ఎక్స్‌రేలు చూసింది. అబ్బాయిల్లో కింది పన్ను జీ దశలో ఉన్నవాళ్ళ సగటు వయసు సుమారు 18 ఏళ్ళే వచ్చింది. అది చూసి ‘జీ అంటే 18’ అనుకుంటారు. తప్పు జరిగేది సరిగ్గా ఇక్కడే. ఆ సగటుకు అటూ ఇటూ ఉండే తేడా సుమారు రెండేళ్ళు. నూటికి 95 మందిని కలుపుకోవాలంటే దానికి రెట్టింపు తీసుకోవాలి. అంటే 14 దాటినవాడి నుంచి 22 ఏళ్ళవాడి వరకు ఎవరైనా జీ దశలో ఉండవచ్చు. సగటు 18 దగ్గర పడిందంటే, 18 నిండనివాళ్ళు, నిండినవాళ్ళు ఆ దశలో దాదాపు సగం సగం ఉన్నారని అర్థం. మేజరా మైనరా అన్న ప్రశ్నకు అంతకంటే పనికిరాని దశ మరొకటి లేదు.

ఒకవేళ నాలుగు పళ్ళూ హెచ్ దశలో ఉంటే? అప్పుడు మాట కొంత బలపడుతుంది. అదే అధ్యయనంలో హెచ్ దశకు వచ్చిన అబ్బాయిల్లో సుమారు 90 శాతం మంది 18 నిండినవాళ్ళే. మిగిలినవాళ్ళు, అంటే ప్రతి పది మందిలో ఒకరు, 18 లోపు ఉండి కూడా పంటిలో పెద్దవాళ్ళలా కనిపించారు. ఇంకో సంగతి ఉంది, రిపోర్టులు రాసే కొందరు డాక్టర్లు కూడా దీన్ని పట్టించుకోరు. హెచ్ చివరి దశ. ఒకసారి మూసుకున్న కొన 40 ఏళ్ళకైనా 60 ఏళ్ళకైనా అలాగే ఉంటుంది. కాబట్టి ‘హెచ్ దశ సగటు వయసు 20’ అన్న అంకె అధ్యయనంలో ఎంత పెద్దవాళ్ళను చేర్చారన్నదాన్ని బట్టి మారిపోతుంది. దాని మీద ఒకరి వయసు రాయకూడదు.

దశలను కంటితో చూసి చెప్పడంలో మనిషికీ మనిషికీ తేడా వస్తోందని, 2008లో కామెరీయేర్ బృందం కొలతతో ఒక సూచిక ఇచ్చింది. కింది ఎడమ జ్ఞానదంతంలో తెరిచి ఉన్న రెండు వేరు కొనల లోపలి వెడల్పులు కలిపి, పంటి మొత్తం పొడవుతో భాగిస్తారు. జవాబు 0.08 కంటే తక్కువైతే మేజర్, కాకపోతే మైనర్ అని లెక్క. ఎక్స్‌రేలో బొమ్మ పెద్దదిగా పడినా రెండు కొలతలూ దాదాపు ఒకేలా పెరుగుతాయి కాబట్టి ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది. దక్షిణ భారతంలోనూ దీన్ని పరీక్షించి చూశారు. ఉదాహరణకు ఒక పంటి పొడవు 20 మిల్లీమీటర్లు, కొనల వెడల్పు 0.8, 0.7 అనుకుందాం. మొత్తం 1.5ని 20తో భాగిస్తే 0.075, మేజర్. అదే ఎక్స్‌రేను మరొకరు కొలిచి 0.9, 0.9 అంటే 1.8ని 20తో భాగించగా 0.09, మైనర్. కర్సర్ మిల్లీమీటరులో మూడో వంతు కూడా జరగలేదు, అబ్బాయి మాత్రం పెద్దవాళ్ళ కోర్టు నుంచి జువెనైల్ బోర్డు ముందుకు వెళ్ళిపోయాడు. అందుకే ఇద్దరు విడివిడిగా కొలవాలి, ఒకరి కొలత మరొకరు చూడకూడదు. కొలవడం కూడా అసలు డిజిటల్ ఫైలు మీదే. మీరు వాట్సాప్‌లో ఫోటో పంపినా నేను కొలవనిది ఇందుకే.

ఆ సూచికలో తప్పులు రెండు పక్కలా సమానంగా ఉండవు. మొదటి అధ్యయనంలో 18 నిండినవాళ్ళలో 30 శాతం మందిని మైనర్లని చెప్పింది. 18 నిండనివాళ్ళలో 2 శాతం మందినే మేజర్లని పొరబడింది. పిల్లవాణ్ణి పెద్దవాడిగా తోసేయకూడదన్న ఉద్దేశంతో హద్దు అలా పెట్టారు, అది నాకు న్యాయమే అనిపిస్తుంది. కానీ ఆ 2 శాతం చూసి నిశ్చింతగా ఉండకూడదు. 14, 15 ఏళ్ళ పిల్లల్ని ఎవరూ పొరబడరు, వాళ్ళు లెక్కలో ఉండబట్టి తప్పుల శాతం తగ్గి కనిపిస్తుంది. తప్పుల్లో ఎక్కువ భాగం 17 దాటినవాళ్ళ దగ్గరే పోగుపడతాయి. మనకు వచ్చే కేసులూ వాళ్ళవే.

ఇప్పుడు మీ అబ్బాయి విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట. చట్టం చూసేది ఘటన జరిగిన రోజు వయసు, ఎక్స్‌రే తీసిన రోజు వయసు కాదు. గొడవ జనవరిలో, ఎక్స్‌రే సెప్టెంబరులో. మధ్యలో ఎనిమిది నెలలు పన్ను పెరిగింది. రిపోర్టులో ఉన్న ‘18 నుంచి 19’ని అక్షరాలా నిజమని ఒప్పుకున్నా, అందులోంచి ఎనిమిది నెలలు తీసేస్తే సంక్రాంతి నాటికి 17 ఏళ్ళ 4 నెలల నుంచి 18 ఏళ్ళ 4 నెలలు అవుతుంది. అంటే ఆ రిపోర్టు ప్రకారమే అబ్బాయి అప్పటికి మైనర్ అయి ఉండవచ్చు. దానికి పన్ను అసలు తేడా కలిపితే అది మేజర్ అనడానికి ఆధారంగా నిలబడదు.

కోర్టులకు ఈ తేడా తెలియనిది కాదు. వైద్య పరీక్షతో చెప్పే వయసు అటూ ఇటూ రెండేళ్ళు మారవచ్చని సుప్రీంకోర్టు 1982లో జయమాల కేసులోనే అంది. హద్దు మీద ఉన్న కేసుల్లో మైనర్ వైపు మొగ్గాలని 2000లో అర్నిత్ దాస్ కేసులో చెప్పింది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్‌లో వరుస స్పష్టంగా ఉంది. మొదట బడి ఇచ్చే పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఈ రెండూ లేనప్పుడే ఎముకల పరీక్షో మరో వైద్య పరీక్షో. ఆ వరుసలో ఆధార్ లేదు. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో కూడా చెప్పింది.

అందుకని పంటి కంటే ముందు బడి రికార్డు కోసం ఇంకోసారి గట్టిగా తిరగండి. తిత్లీ వచ్చింది 2018 అక్టోబరులో. హుద్‌హుద్ వచ్చిన 2014లో రెండో తరగతి అంటే, ఏడాదీ తప్పకుండా చదివి ఉంటే, తిత్లీ నాటికి అబ్బాయి ఐదో తరగతి దాటి ఉండాలి. వేరే బడిలో చేరి ఉంటే అక్కడ టీసీ ఇచ్చి ఉంటారు. ఆ బడి రిజిస్టరు తడిసి ఉండకపోవచ్చు. మండల విద్యాశాఖాధికారి ఆఫీసులో ఆన్‌లైన్ వివరాలు కూడా అడగండి. అయితే అక్కడ ఉన్న తేదీ బడిలో చేర్చిన రోజు మీ అక్కగారు చెప్పిందా, తర్వాత ఆధార్ చూసి దిద్దిందా అన్నది తేల్చుకోవాలి.

ఏ కాగితమూ దొరక్కపోతే, మెడికల్ బోర్డుతో మళ్ళీ పరీక్ష చేయించమని వకీలు గారితో అడిగించండి. ఈసారి పంటితో పాటు మణికట్టు ఎక్స్‌రే, అందులో ఎముకల కొనలు పూర్తిగా అతుక్కుని ఉంటే కాలర్ ఎముక లోపలి కొనకు సీటీ కలిపి చూడాలి. జర్మనీలో ఫోరెన్సిక్ వయసు నిర్ధారణ బృందం చెప్పే పద్ధతి ఇదే. ఒక్కో పరీక్ష ఎదుగుదలలో ఒక్కో భాగాన్ని చూపిస్తుంది. ఒక్క ఓపీజీకి పడే రేడియేషన్ చాలా తక్కువ, దాని గురించి భయం వద్దు. సీటీకి ఎక్కువ ఉంటుంది కాబట్టి అవసరమైతేనే.

పాత ఎక్స్‌రే డిజిటల్ ఫైలు మాత్రం సీడీలో ఇప్పుడే తీసుకుని భద్రపరచండి. ఎప్పుడు మళ్ళీ తీసినా అబ్బాయి వయసు ఇంకా పెరిగి, కొనలు మూసుకుపోయి ఉండవచ్చు. ఘటనకు దగ్గరగా అతని పన్ను ఎలా ఉందో చూపించే బొమ్మ అదొక్కటే.